టెక్ సందేహాలు: సినానిమ్స్ లిస్టులో ఉన్న పదం అలాగే పెట్టేయొచ్చా?

ప్రశ్న: కవర్ లెటర్‌లో 'రెస్పాన్సిబుల్ ఫర్ అకౌంట్స్' అని మళ్లీ మళ్లీ వస్తోందని వర్డ్‌లో రైట్ క్లిక్ చేసి, సినానిమ్స్‌లో చూపించిన 'లయబుల్' పెట్టాను. అన్నయ్య చూసి అర్థమే మారిపోయిందన్నాడు. ఆన్‌లైన్ థెసారస్ బెటరా? ఒక ఫ్రీ ఎక్స్‌టెన్షన్ కూడా దొరికింది, వేసుకోనా?

జవాబు: మీ అన్నయ్య చెప్పింది కరెక్టేనండి. అకౌంట్స్‌కి రెస్పాన్సిబుల్ అంటే ఆ పని మీరు చూసుకుంటారని, లయబుల్ అంటే లెక్కల్లో తేడా వస్తే ఆ నష్టం చట్టప్రకారం మీ మెడకు చుట్టుకుంటుందని. ఇలాంటి మెయిల్స్ నాకు వస్తూనే ఉన్నాయి, ఇందులో సగం తప్పు ఆ రైట్ క్లిక్ మెనూదే, ఏ పదం ఏ అర్థంలో వాడాలో చెప్పకుండా నాలుగు పదాలు వరసగా పడేస్తే కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది చెప్పండి?

అందుకే ఆ మెనూ వదిలేసి పదం మీద కర్సర్ పెట్టి Shift+F7 నొక్కండి (లిబ్రేఆఫీస్‌లో అయితే Ctrl+F7). అక్కడ పదాలు అర్థాన్ని బట్టి గుంపులుగా వస్తాయి. ముందు మీ వాక్యానికి సరిపోయే గుంపు ఏదో తేల్చుకుని, ఆ గుంపులోంచే పదం తీసుకోండి. దొరికిన పదానికి మళ్లీ సినానిమ్, దానికి ఇంకోటి అని వెళ్లకండి, రెండు మూడు క్లిక్కుల్లోనే అసలు అర్థం ఎక్కడికో పోతుంది. పెట్టేముందు ఆ పదాన్ని డిక్షనరీలో వెతికి అక్కడిచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవండి, అవన్నీ అప్పులు, జరిమానాల గురించే ఉంటే ఆ పదం మీ లెటర్‌కి పనికిరాదు. మీ విషయంలో అయితే అసలు సినానిమే అక్కర్లేదు, 'ఐ హ్యాండిల్డ్ ది అకౌంట్స్' అని వాక్యం తిప్పి రాస్తే అయిపోతుంది.

ఆన్‌లైన్ సైట్‌లో లిస్ట్ పెద్దగా ఉంటుంది తప్ప ఎంచుకునే పని మీదే. ఒక్క పదం వెతుక్కుంటే పెద్ద ప్రమాదం లేదు, లెటర్ మొత్తం మాత్రం అక్కడ పేస్ట్ చేయొద్దు, అందులో మీ ఫోన్ నంబర్, అడ్రస్, పాత ఆఫీసు వివరాలు అన్నీ ఉంటాయి.

నా అసలు భయం ఆ ఎక్స్‌టెన్షన్ గురించే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "Read and change all your data on all websites" అని అడిగిందా? అంటే మీరు తెరిచే మెయిల్, బ్యాంక్ పేజీ, ఆఫీస్ పోర్టల్ అన్నీ అది చదవగలదు, మార్చగలదు కూడా. ఒక్క పదానికి అర్థం చూపించడానికి ఇంత పర్మిషన్ ఎందుకండీ? ఈరోజు మంచిదే అయినా రేపు దాన్ని ఇంకెవరికైనా అమ్మేస్తే, కొత్త ఓనర్ పంపే అప్‌డేట్ మీకు తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది, ఇలా చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికే వేసేసి ఉంటే క్రోమ్‌లో chrome://extensions తెరిచి Remove కొట్టండి. తప్పదనుకుంటే Details లోకి వెళ్లి సైట్ యాక్సెస్ దగ్గర "On click" పెట్టండి, అప్పుడు మీరు దాని ఐకాన్ నొక్కిన పేజీ మాత్రమే అది చదువుతుంది, బ్యాంక్ పేజీలో మాత్రం ఎప్పుడూ నొక్కొద్దు.