డాక్టర్ సలహా: ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు, అయినా ఒంట్లో డిగాక్సిన్ రెట్టింపు ఎలా అయింది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గోపాల్‌పూర్, గంజాం జిల్లా. మా నాన్నకి 70. గుండె దడకి డిగాక్సిన్ 0.25 మాత్ర వారానికి ఐదు రోజులు, నాలుగేళ్లుగా వాడుతున్నారు. పోయిన నెల దగ్గు, జ్వరం వస్తే ఇక్కడ క్లారిత్రోమైసిన్ 500 రోజుకి రెండు చొప్పున వారానికి రాశారు. ఆరో రోజుకి అన్నం చూస్తేనే వాంతి, విరేచనాలు, బల్బు చుట్టూ పసుపుగా కనబడుతోందన్నారు. బరంపురం తీసుకెళ్తే రక్తంలో డిగాక్సిన్ 2.6 వచ్చింది, పోయిన ఏడాది 1.2 ఉండేది. క్రియాటినిన్ 1.5. మాత్రలు నేనే ఇస్తాను, ఒక్కటి కూడా ఎక్కువ పడలేదు. మరి ఎలా పెరిగింది? విరేచనాలకి లోపరమైడ్ వేద్దామంటే అది నల్లమందు జాతి, వద్దు అన్నాడు మా బావ. నిజమేనా?

జవాబు: అమ్మా, ముందు మీ మీద మీరు అనుమానం పెట్టుకోకండి, మాత్రల లెక్క తప్పలేదు. నాన్నగారి ఒంట్లోకి వెళ్ళేది పెరిగింది, ఒంట్లోంచి బయటికి పోయేది తగ్గింది, రెండూ ఒకే వారంలో జరిగాయి, రెండిటికీ ముఖ్య కారణం దగ్గుకి రాసిన ఆ క్లారిత్రోమైసినే.

మీది గోపాల్‌పూర్ అంటున్నారు కాబట్టి పడవతోనే చెప్తా. పాత చెక్క పడవ సముద్రంలో ఉంటే పలకల సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి కదా, ఒకడు డబ్బా పట్టుకుని కూర్చుని తోడి బయటికి పోస్తూనే ఉంటాడు. మన పేగు గోడలో ఉండే ఒక్కో కణం అలాంటి పడవ అనుకోండి, మందు దాని పొరలోంచి లోపలికి ఊరుతుంది, తోడి పోసేవాడి పేరు పీ-గ్లైకోప్రొటీన్, కణం పొరలో ఉండే పంపు లాంటి ప్రొటీన్ అది. ఆ 'పీ' అంటే పర్మియబిలిటీ, అంటే పొరలోంచి చొరబడటం. 1976లో హ్యామ్‌స్టర్ కణాల మీద పనిచేస్తున్నవాళ్ళకి ఇది దొరికింది, కోల్చిసిన్ మందు పోసినా చావకుండా మొండికేసిన కణాల్లో ఇది దండిగా కనబడింది, మందుని లోపల నిలవనివ్వట్లేదు అందుకే అవి బతికిపోతున్నాయి. మామూలుగా మన ఒంట్లో కూడా ఇది ఉందని తర్వాత తెలిసింది.

దీనికి కొన్ని మందులంటే పడదు, వాటిని పట్టి బయట పడేస్తుంది, కొన్నిటిని అసలు పట్టించుకోదు. పట్టే వాటిలో డిగాక్సిన్ ముఖ్యమైనది. పేగులో ఈ పంపు కణానికి పేగు లోపలి వైపు ఉంటుంది, అంటే పీల్చుకున్న డిగాక్సిన్‌లో కొంత రక్తంలోకి చేరకముందే మళ్ళీ పేగులోకే వెనక్కి పోతుంది. అందుకే మాత్ర వేసుకుంటే 100కి 60 నుంచి 80 పాళ్ళు మాత్రమే రక్తంలోకి చేరుతుంది. కిడ్నీలో ఇదే పంపు మూత్రం వైపు ఉంటుంది, రక్తంలోంచి వచ్చిన డిగాక్సిన్‌ని మూత్రంలోకి తోసేస్తుంది. పేగులో రానివ్వకపోవడం, కిడ్నీలో ఉన్నదాన్ని పంపేయడం, పని ఒక్కటే. మీ గుండె డాక్టర్ రాసిన 0.25 డోసు ఈ రెండు చోట్లా పంపు మామూలుగా నడుస్తుందనే లెక్క మీద రాసింది.

ఇప్పుడు క్లారిత్రోమైసిన్ వచ్చి ఆ తోడేవాడి చెయ్యి పట్టుకుంది. నీళ్లు ఊరడం ఆగదు, తోడటం మందగిస్తుంది.

మీ అంకెలే వేసి చూద్దాం. 1.2 నుంచి 2.6 అంటే రెండు రెట్లకి పైనే. పేగు వాటా ఎంతై ఉంటుంది? మామూలుగా 70 పాళ్ళు చేరేది అనుకుంటే, పంపు పూర్తిగా ఆగినా 100 దాటి చేరదు, ఎందుకంటే మాత్రలో ఉన్నదే అంత, కాబట్టి పేగు వల్ల పెరుగుదల ఎంత లాగినా 1.4 రెట్లు. మిగతా ఒకటిన్నర రెట్లు ఎక్కడిది? అది కిడ్నీ వైపుది, బయటికి పోవాల్సింది పోలేదు. అందులోనూ రెండు కలిశాయి, ఒకటి పంపుని ఆపడం, రెండోది జ్వరంలో తిండీ నీళ్ళూ సరిగ్గా లేక, ఆపైన వాంతులతో కిడ్నీ నెమ్మదించడం, మీరు రాసిన క్రియాటినిన్ 1.5 చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది. పాత క్రియాటినిన్ ఎంతో రాయలేదు, అది ఒకసారి పాత కాగితాల్లో వెతకండి. కొంతమందికి పేగులో ఒక బ్యాక్టీరియా ఉంటుంది, అది డిగాక్సిన్‌ని కొంత పాడుచేసి పనికిరాకుండా చేస్తుంది, నూటికి పదిమందిలో ఇలా ఉంటుందంటారు, యాంటీబయాటిక్ పడితే ఆ బ్యాక్టీరియా పోయి మందు ఇంకాస్త చేరుతుంది. ఒకప్పుడు అసలు కారణం ఇదే అనుకునేవాళ్ళు, ఇప్పుడు పెద్ద వాటా పంపుదే అంటున్నాం.

మొదటి రోజే ఎందుకు తేడా రాలేదు, ఆరో రోజున ఎందుకు వచ్చింది అని మీకు అనిపించవచ్చు. డిగాక్సిన్ ఒంట్లోంచి సగం పోవడానికి కిడ్నీ బాగున్నవాళ్ళకే ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది, కిడ్నీ నెమ్మదిస్తే ఇంకా ఎక్కువ, అందుకని రోజురోజుకీ కొంచెం కొంచెం పేరుకుంటుంది. నిజానికి ఆరో రోజుకి అది పూర్తిగా పెరగడం కూడా అయిపోలేదు, ఇంకో వారం అలాగే నడిచి ఉంటే 2.6 దగ్గర ఆగేది కాదు. మీరు తీసుకెళ్ళడం మంచి టైంకే జరిగింది. ఇది ఏదో మీ ఒక్కరికే జరిగిన వింత కాదు, కెనడాలోని ఒంటారియోలో డిగాక్సిన్ వాడే పెద్దవాళ్ళని 15 ఏళ్ల రికార్డుల్లో చూసి 2009లో అచ్చువేసిన స్టడీ ఉంది, ఈమధ్యే క్లారిత్రోమైసిన్ వాడినవాళ్ళు డిగాక్సిన్ విషమించి ఆస్పత్రిలో చేరే అవకాశం దాదాపు 15 రెట్లు, అజిత్రోమైసిన్ అయితే నాలుగు రెట్లకి దగ్గర, సెఫురాక్సిమ్ అనే వేరే రకం యాంటీబయాటిక్‌తో పెరగలేదు. కాబట్టి "అజిత్రో అయితే ఏం కాదు" అని కూడా నేను అనను.

ఇంకో మాట, ఆ 2.6ని నమ్మాలంటే రక్తం ఎప్పుడు తీశారో తెలియాలి. మాత్ర వేసుకున్న కనీసం ఆరు గంటల తర్వాత తీయాలి, వేసుకున్న గంటకే తీస్తే మందు ఇంకా కండల్లోకి, గుండెలోకి సర్దుకోకుండా రక్తంలోనే ఉండి ఎక్కువగా చూపిస్తుంది. సాధారణంగా గుండె బలహీనతకి మిల్లీలీటర్‌కి 0.5 నుంచి 0.9 నానోగ్రాములు చాలనుకుంటాం, 2 దాటితే భయపడతాం. అయితే నేను అంకె కంటే లక్షణాన్నే ఎక్కువ నమ్ముతాను, బల్బు చుట్టూ పసుపు కనబడటం, అన్నం వాసన పడకపోవడం, ఈ రెండూ కలిసి వచ్చాయంటే టెస్ట్ రాకముందే మాత్ర ఆపించేవాణ్ణి. వాంతులు విరేచనాల్లో పొటాషియం కూడా పడిపోతుంది, అది తగ్గితే అదే డిగాక్సిన్ మరింత గట్టిగా కొడుతుంది, అందుకని పొటాషియం రిపోర్టు కూడా అడిగి తీసుకోండి.

ఇక లోపరమైడ్ సంగతి. మీ బావ చెప్పింది సగం నిజం. జాతి నల్లమందుదే, కానీ మామూలు డోసులో మత్తు రాదు, ఎందుకంటే మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కూడా ఇదే పంపు కూర్చుని ఉంటుంది, లోపరమైడ్ లోపలికి రాబోతే పట్టి తిరిగి రక్తంలోకి తోసేస్తుంది, మందు పేగు మీద పని చేస్తుంది, మెదడుని తాకదు. ఈ కాపలా లేకపోతే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లో ఎలుకలతో తెలిసింది. పంపు జీన్ లేని ఎలుకల్ని పుట్టించి పెంచుతుంటే వాటికి పురుగు పట్టింది, ఐవర్‌మెక్టిన్ వాడారు, మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు, ఈ పంపు లేనివి చచ్చిపోయాయి, ఐవర్‌మెక్టిన్ మెదడులోకి చేరిపోయింది. 1994లో ఆ సంగతి పత్రికలో వచ్చింది. అంటే ఒక మందు మెదడుకి పడుతుందా లేదా అన్నది మందు ఒక్కదానివల్లే కాదు, గుమ్మం దగ్గర కూర్చున్నదానివల్ల కూడా.

అయినా నాన్నగారికి ఇప్పుడు లోపరమైడ్ వద్దనే నా మాట. మత్తు భయం కాదు, క్లారిత్రోమైసిన్ ఈ పంపునే కాక లివర్‌లో లోపరమైడ్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కూడా ఆపుతుంది, లోపరమైడ్ పేరుకుంటే గుండె లయ తప్పొచ్చు, క్లారిత్రోమైసిన్ కూడా ఆ పని చేయగలదు. దానికి మించి, డిగాక్సిన్ ఎక్కువైనవాళ్ళకి విరేచనం కూడా ఒక లక్షణమే. దాన్ని మాత్రతో కట్టేస్తే అసలు సంగతి కప్పబడిపోతుంది. ఓఆర్‌ఎస్ తాగించండి, కానీ కాళ్ళవాపు, ఆయాసం ఉంటే ఎంత తాగించాలో గుండె డాక్టర్‌నే అడగండి.

ఇప్పుడు చేయాల్సింది. క్లారిత్రోమైసిన్ ఆపారు కదా, పంపు కొద్ది రోజుల్లో మళ్ళీ పనిలో పడుతుంది, కానీ పేరుకున్న డిగాక్సిన్ కిడ్నీ తీరుని బట్టి దిగుతుంది, తొందరపడి ఎవరికి వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టొద్దు, అలాగని ఇక ఈ మాత్రే వద్దని శాశ్వతంగా ఒగ్గేయడమూ వద్దు, దడ మళ్ళీ మొదలవుతుంది. లక్షణాలు తగ్గి, ఈసీజీ చూసి, క్రియాటినిన్, పొటాషియం చూసి, ఎంత డోసుతో మొదలెట్టాలో బరంపురంలో గుండె డాక్టర్ చెప్పాలి. నాడి నిమిషానికి 60 కన్నా తగ్గినా, కళ్ళు తిరిగి పడబోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే తీసుకెళ్ళండి.

మన వైపు గొడవ ఏంటంటే గుండె మాత్ర బరంపురంలోనో వైజాగ్‌లోనో రాస్తారు, దగ్గు జ్వరం ఊళ్ళో ఎవరో చూస్తారు, ఒకరి చీటీ ఇంకొకరికి కనబడదు. మొన్నటికి మొన్న ఇచ్ఛాపురం వైపు నుంచి ఒకాయన వచ్చారు, మూడు సంచుల్లో మూడు చీటీలు, ఒకటి ఒడియాలో రాసిన చీటీ, డిగాక్సిన్ ఒక సంచిలో, వెరాపమిల్ ఇంకో సంచిలో. వెరాపమిల్ కూడా ఇదే పంపుని ఆపుతుంది, అమియోడరోన్ కూడా. అమియోడరోన్ మొదలెడితే మేం డిగాక్సిన్‌ని సగానికి దగ్గర తగ్గిస్తాం.

రిఫాంపిసిన్ మాత్రం దీనికి తలకిందులు. టీబీ కోర్సులో ఉండే ఆ మందు పంపుల్ని ఎక్కువ చేసి పెడుతుంది, ఒకటి రెండు వారాల్లో పేగులో తోడేవాళ్ళ సంఖ్య పెరిగిపోయి డిగాక్సిన్ పడిపోతుంది, దడ తిరిగి వస్తుంది. అందుకని డిగాక్సిన్ డోసు పెంచితే, ఆరు నెలలకి టీబీ మందు ఆపాక రెండు వారాల్లో పంపులు మామూలు లెక్కకి దిగుతాయి, పెంచిన డోసు మాత్రం అలాగే నడుస్తుంటుంది. అప్పుడు కూడా మీ ఇంట్లో జరిగినట్టే వాంతి, పసుపు చూపు వస్తాయి, కొత్త మందు ఏదీ మొదలెట్టలేదు కదా అని అందరూ తల గోక్కుంటారు.

నాన్నగారికి ఈసారి దగ్గు వస్తే డిగాక్సిన్ స్ట్రిప్‌ని డాక్టర్ టేబుల్ మీద పెట్టి "ఇది వాడుతున్నారు, క్లారిత్రోమైసిన్ పడలేదు" అని మీరే చెప్పండి. ఇన్ఫెక్షన్‌కి తగితే అమాక్సిసిలిన్ లాంటివి ఉన్నాయి, అవి ఈ పంపు జోలికి పోవు.