కిలో మైదాకి ప్రోటీన్ ఎంత వస్తుంది? అంతా కడగడంలోనే ఉంది

ప్రశ్న: మైదా ముద్ద కడిగి ఇంట్లోనే సేటాన్, అంటే మాంసం బదులు వండుకునే గోధుమ ప్రోటీన్ ముద్ద, చేస్తున్నాను. 100 గ్రాముల్లో 75 గ్రాముల ప్రోటీన్ ఉంటుందని నెట్‌లో చూశాను. నిజమేనా? నాకు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వస్తోంది, ఎందుకని?

ఆ 75 ప్యాకెట్లో అమ్మే పొడి గ్లూటెన్‌ది, అంటే గోధుమలోని జిగురు ప్రోటీన్‌ని ఎండబెట్టిన పొడిది. మీరు కడిగి తీసేది తడి ముద్ద, దానిలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్ళే. ఈ రెండింటినీ ఒకటే అనుకుని జిమ్‌కి వెళ్ళే పిల్లలు లెక్కలు రాసుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. మా అబ్బాయి కూడా అలాగే రాసుకున్నాడు. వాడు గుడ్డు కూడా ముట్టడు, అందుకే మా ఇంట్లో ఈ వంట మొదలైంది.

మొదటిసారి కిలో మైదా ముద్దని సింక్‌లో కుళాయి కింద పెట్టి, బట్టలు పిండినట్టు పిండాను. తెల్లటి నీళ్ళతో పాటు సన్నటి పీచులు కూడా పోతున్నాయి. అవి పిండి తుక్కు అనుకున్నాను. చివరికి చేతిలో మిగిలింది 140 గ్రాములు. పోయినవన్నీ గ్లూటెన్ ముక్కలేనని జాలీలో పేరుకున్న జిగురు ముద్దని పట్టుకుని సాగదీశాకే తెలిసింది.

రెండోసారి భయపడి తక్కువ కడిగాను. 420 గ్రాములు వచ్చింది. ఇంట్లో అందరం సంతోషించాం. కానీ ఉడికాక మెత్తగా, కుడుములా ఉంది. బరువంతా పిండి పదార్థం. ముద్ద పెద్దదైంది గానీ ప్రోటీన్ పెరగలేదు. మీకు "ఎక్కువ వచ్చింది" అన్న రోజు ఇదే జరిగి ఉంటుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. కిలో మైదాలో చెంచాడు ఉప్పు, సుమారు 600 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, పూరీ పిండి కన్నా కాస్త మెత్తగా పది నిమిషాలు బాగా మర్దిస్తాను. తర్వాత ఆ ముద్దని గిన్నెలో పెట్టి మునిగేలా చల్లటి నీళ్ళు పోసి గంటసేపు వదిలేస్తాను. ఈ గంట తగ్గిస్తే గ్లూటెన్ సరిగా అల్లుకోదు, కడిగేటప్పుడు చిట్లిపోతుంది.

కుళాయి కింద కాదు, బేసిన్‌లో కడగాలి. అరచేతులతో నొక్కుతూ మడవాలి, చింపకూడదు. రెండో నీళ్ళలో ముద్ద పీలికలైపోయి, విరిగిన పాలలా కనిపిస్తుంది. చాలామంది టెన్షన్ పడి పారేసేది ఇక్కడే. పారేయకండి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ సన్న జల్లెడలో వంచి, పడిన పీలికలు ఏరి మళ్ళీ ముద్దలో కలపండి. నాలుగో నీళ్ళకల్లా అవే రబ్బరులా ఒకదానికొకటి అతుక్కుంటాయి.

వీడియోల్లో "నీళ్ళు తేటగా వచ్చే వరకు" అంటారు, నేను ఒప్పుకోను. ఆఖర్న నీళ్ళు పలచటి మజ్జిగ తేటలా ఉంటే చాలు. ఇంకా కడిగితే ముద్ద గట్టిపడి నమలలేం, వచ్చే లాభం కొంచెమే. అనుమానంగా ఉంటే చిటికెడు ముక్క తీసి దాని మీద అయోడిన్ మందు ఒక చుక్క వేయండి. నల్లటి నీలం రంగు చిక్కగా వస్తే పిండి పదార్థం ఇంకా బాగా ఉన్నట్టు. ఆ ముక్క పారేయండి.

ఇలా కడిగి, జల్లెడలో ఇరవై నిమిషాలు నీరు ఓడ్చాక తూస్తే నాకు 280 గ్రాములు వచ్చింది. నా మైదా ప్యాకెట్ మీద 100 గ్రాములకి 10 గ్రాముల ప్రోటీన్ అని ఉంది, అంటే కిలోకి 100 గ్రాములు. గోధుమ ప్రోటీన్‌లో ఐదో వంతు నీళ్ళలో కరిగేదే, మీరెంత జాగ్రత్తగా ఉన్నా అది పోతుంది, జల్లెడ దాటే పీలికలతో ఇంకొంచెం పోతుంది. చివరికి నా ముద్దలో 70 గ్రాములకి కాస్త అటూ ఇటూ ఉన్నట్టు లెక్క. దాన్ని మసాలా నీళ్ళలో ఉడికిస్తే ఇంకా నీళ్ళు పీల్చి 350 గ్రాములైంది. కాబట్టి కంచంలోకి వచ్చే 100 గ్రాముల్లో 20 గ్రాముల ప్రోటీన్ అని రాసుకోండి. ఒంటికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం గోధుమలో తక్కువ, పప్పులో బాగా ఉంటుంది కనుక మా వాడికి పప్పుతోనే పెడతాను.

గోధుమ పిండితో మాత్రం ప్రయత్నించకండి. తవుడు గ్లూటెన్ అల్లికని కోసేస్తుంది, సగం జల్లెడ దాటిపోతుంది.

కడిగిన నీళ్ళు పారబోయొద్దు. మా మాడుగుల వైపు హల్వాకి గోధుమ పాలు కావాలి, పిప్పి అక్కర్లేదు. మనకి కావాల్సింది ఇక్కడ పిప్పి. మొదటి రెండు నీళ్ళూ రాత్రంతా ఉంచి, పైతేట వంచేస్తే అడుగున పాలు గడ్డలా దిగుతాయి. ఈసారి కడిగినప్పుడు ఆ గడ్డలో జిగురు పోగులు తగులుతాయేమో వేళ్ళతో నలిపి చూడండి. తగిలితే మీ జల్లెడ కన్నాలు పెద్దవి.