ఆదివారం చూసొచ్చిన దారి సోమవారం ఉండదు

"బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటున్నాను. వచ్చే సోమవారం ఎలక్ట్రానిక్ సిటీలో జాయినింగ్, 9:30కి రిపోర్ట్ చేయాలి. మ్యాప్ గంటా పది నిమిషాలంటోంది. ముందే ఒకసారి వెళ్లి చూసుకోవడం అవసరమా?"

వెళ్లండి, కానీ ఆదివారం వద్దు. నేను ఇదే దారిలో మొదట ఆదివారం వెళ్లొచ్చాను. పీజీ నుంచి ఆఫీసు గేటుకి గంటా ఐదు నిమిషాలు పట్టింది. హాయిగా వచ్చి పడుకుంటే రూమ్మేట్ నవ్వాడు: "మామా, ఆదివారం రింగ్ రోడ్డు చూసి సోమవారానికి లెక్కేస్తావా?" ఒళ్లు మండింది గానీ మంగళవారం మళ్లీ బయల్దేరాను.

ఆ రోజు 7:30కి గది తాళం వేశాను. మ్యాప్‌లో స్టాప్ చూపించిన చోట నిలబడితే బస్సులు ఆగడం లేదు, మెట్రో పనుల వల్ల కొంచెం ముందుకెళ్లి ఆగుతున్నాయి. అక్కడికి పరిగెత్తేసరికి వచ్చిన 500D నిండిపోయి ఉంది, ఫుట్‌బోర్డు మీద కూడా చోటు లేదు. తర్వాతది 7:52కి ఎక్కాను. సిల్క్ బోర్డులో దిగేసరికి 8:40. అక్కడి నుంచి రోడ్డు దాటి, మెట్లెక్కి, బ్యాగ్ స్కానింగ్ లైన్లో నిలబడి మెట్రో ఎల్లో లైన్ ప్లాట్‌ఫామ్ చేరేసరికి 8:53. నా కళ్ల ముందే తలుపులు మూసుకున్నాయి. తర్వాతి రైలు 9:07కి వచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీ స్టేషన్లో 9:24కి దిగి, గేటు దగ్గరికి నడిచేసరికి 9:35. సెక్యూరిటీ దగ్గర విజిటర్ పాస్, లిఫ్ట్ లైను ఇంకా మొదలే కాలేదు.

రెండు గంటల ఐదు నిమిషాలు! ఇందులో రైలు నడిచింది పదిహేడు నిమిషాలే. తినేసినవి రెండు: బస్సు ప్రయాణం, మారడం. సిల్క్ బోర్డులో బస్సు దిగిన క్షణం నుంచి రైలు ఎక్కిన క్షణం దాకా ఇరవై ఏడు నిమిషాలు పోయాయి. మ్యాప్ దీన్ని రెండు నిమిషాల నడకలా చూపిస్తుంది. ఎల్లో లైన్ 2025 ఆగస్టులో మొదలైనప్పుడు మూడే రైళ్లు, 25 నిమిషాలకొకటి. తర్వాత రైళ్లు పెరిగాయి గానీ, ఇప్పుడు ఎన్ని నిమిషాలకొకటో మీరు వెళ్లిన రోజు ప్లాట్‌ఫామ్ బోర్డు మీదే చూసి రాసుకోండి. జాయినింగ్ రోజు లెక్కలో ఒక రైలు తప్పిపోయినట్టే వేసుకోండి.

నేను జాయినింగ్ రోజు 6:50కే బయల్దేరాను. సిల్క్ బోర్డు 7:28, గేటు 8:14. అంటే నలభై నిమిషాలు ముందు కదిలితే ఎనభై ఒక్క నిమిషాలు ముందు చేరాను. ఏడున్నర దాటాక ఆ రోడ్డు వేరే రోడ్డు. పక్కన దర్శిని టిఫిన్ హోటల్లో బై-టు కాఫీ అడిగితే ఒక్కడినే చూసి ఫుల్ ఇచ్చాడు, తాగుతూ కూర్చున్నాను.

ప్లాన్ బి ఉందని అనుకుంటే చాలదు, ఏ టైముకి మారాలో ముందే తేల్చుకోవాలి. నేను పెట్టుకున్నవి రెండు. ఒకటి, 7:10కల్లా బస్సు ఎక్కకపోతే సిల్క్ బోర్డుకి ఆటో. స్టాప్‌లో నిలబడి "ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం" అనుకున్నామంటే అయిపోయాం. రెండు, మెట్రో ఆగిపోతే హోసూరు రోడ్డు బస్సు. ఎక్కేముందు కండక్టర్ని అడగండి, కింది రోడ్డా, ఎలివేటెడ్ మీదుగానా అని. పైనుంచి వెళ్లేది కుడ్లు గేట్ లాంటి మధ్య స్టాపుల్లో ఆగదు.

పూర్తిగా మెట్రోలోనే వెళ్లే దారీ ఒకటుంది: ఆటోలో కుందలహళ్లి స్టేషన్, పర్పుల్ లైన్లో మెజెస్టిక్, గ్రీన్ లైన్లో ఆర్.వి.రోడ్, అక్కడి నుంచి ఎల్లో. దాదాపు రెండు గంటలు పడుతుంది, కానీ స్టేషన్ చేరాక ట్రాఫిక్‌తో సంబంధం లేదు. పెద్ద వాన పడితే సిల్క్ బోర్డు దగ్గర నీళ్లు నిలుస్తాయి కాబట్టి, ముందు రాత్రి కుండపోతగా కురిస్తే నేను పొద్దున్నే ఇటే వెళ్తాను. సగం దూరం బస్సులో వెళ్లాక గుర్తొస్తే మాత్రం పనికిరాదు.

మెట్రో కార్డు ట్రయల్ రోజే తీసుకోండి. మీ గేటుకి ఎలక్ట్రానిక్ సిటీ స్టేషన్ దగ్గరా, తర్వాత వచ్చే కోనప్పన అగ్రహారమా అన్నది కూడా ఆ రోజే నడిచి చూసుకోండి.

వీలైతే తిరుగు ప్రయాణం సాయంత్రం ఆరున్నరకి పెట్టుకోండి. నేను సిల్క్ బోర్డులో మూడో 500D ఎక్కి పీజీకి వచ్చేసరికి గిన్నెలో సాంబారు అడుగు మాత్రం మిగిలింది.