అమ్మమ్మ రాసిన ఆవకాయ కొలతలు కార్డు మీదికి ఎక్కించాలంటే

ప్రశ్న: డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మమ్మ చేత్తో రాసిన ఆవకాయ కాగితం ఫొటో అమ్మ పంపింది. టైపు చేసి, సరుకులు గడుల్లో పెట్టి, చిన్న కార్డుగా ప్రింటు తీసుకోవాలి. ఎలా మొదలుపెట్టను?

జవాబు: అమ్మాయ్, టైపు చేయడం ఆఖరి పని. కొత్తగా వచ్చినవాళ్ళు కార్డుకి రంగులు, పూలు ఎంచుకోవడంతో మొదలుపెడతారు. నేనూ ఆ బాపతే. పోయింది రంగు సిరా ఒక్కటే కాదు, ఆ కార్డు నమ్మి కలిపిన పచ్చడి కూడా. ఇక్కడ పచ్చి మామిడికాయలు పౌను లెక్కన కొనాలి, నువ్వులనూనె ధర సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఒక్క జాడీ బూజు పడితే ఆ నెల సరుకుల లెక్క తలకిందులవుతుంది. అందుకే ముందు అంకెలు, తర్వాతే అందం.

ఫొటోను మామూలుగా కాకుండా వాట్సాప్‌లో Document గా పంపమనండి. మామూలుగా పంపితే నాణ్యత తగ్గి, నూనె మరకల పక్కన ఉన్న గీతలు కలిసిపోతాయి. ఆ గీతలే మనకు ముఖ్యం. పాతకాలం వాళ్ళు భిన్నాలను నిలువు గీతలతో రాసేవారు. ఒక గీత పావు, రెండు గీతలు అర, మూడు గీతలు ముప్పావు. 1 అంకె పక్కన రెండు గీతలుంటే అది నూటపదకొండూ కాదు, మూడూ కాదు, ఒకటిన్నర. ఉప్పు పక్కన ఉన్న మూడు గీతలను మూడు సోలలని చదివినవాళ్ళు ఉన్నారు. ముప్పావు సోల పడాల్సిన చోట నాలుగింతలు! కాగితంలో ప్రతి అంకెనూ అమ్మకు ఫోనులో చదివి వినిపించి, ఆమె నోటితో చెప్పినదే రాసుకోండి.

తర్వాత సోల సంగతి. మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దెలు. ఈ లెక్క బాగానే ఉంటుంది కానీ, సోల ఎంత పడుతుందన్నది ఊరినిబట్టి, పాత్రనిబట్టి మారుతుంది. ఇక్కడి కప్పుతో సమానమని మీరే అనేసుకోకండి. అమ్మ దగ్గర కాటా ఉంటే ఆ సోలలో నిండా నీళ్ళు పోసి తూయమనండి. పాత్ర బరువు తీసేస్తే ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు. కాటా లేకపోతే లీటరు నీళ్ళ సీసా సరిగ్గా ఎన్ని సోలల్లో ఖాళీ అవుతుందో చూడమంటే చాలు. నాలుగు సోలలైతే మీ ఇంటి సోల 250 మిల్లీలీటర్లు. అమెరికా కప్పు సుమారు 240.

అంతమాత్రాన అన్నీ ఆ కొలతతోనే పోసేయకూడదు. ఉప్పు దగ్గరే అందరూ పడతారు. ఇక్కడి సన్న ఉప్పు కప్పుకి 290 గ్రాముల దాకా తూగుతుంది. కోషర్ ఉప్పు పొరలుపొరలుగా ఉంటుంది కాబట్టి బ్రాండునిబట్టి కప్పుకి 135 నుంచి 240 గ్రాముల మధ్యలో ఎంతైనా ఉండొచ్చు. అమ్మమ్మ వేసింది దంచిన రాళ్ళ ఉప్పు. తేలికపాటి కోషర్ ఉప్పు అదే ముప్పావు సోల పోస్తే సగమే పడినట్టు. ముక్క మెత్తబడుతుంది, పైన తెల్లగా బూజు తేలుతుంది. కాబట్టి కార్డు మీద గ్రాముల గడి తప్పనిసరి. కాటా కొనడానికి వెనకాడకండి, చెడిపోయిన ఒక్క జాడీ కంటే అదే చవక.

250 మిల్లీలీటర్ల సోలతో ఒక ఇంటి కాగితం తూచి రాస్తే ఇలా వస్తుంది. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి, ఇవి యథాతథంగా ఎత్తుకోకండి.

| సరుకు | ఇంటి కొలత | గ్రాములు | ఇక్కడ ఏది కొనాలి |
|---|---|---|---|
| మామిడి ముక్కలు | 5 సోలలు | 750 | పుల్లటి గట్టి కాయ. టెంకతో కొట్టాక తూచిన బరువు |
| ఆవపిండి | 1 సోల | 110 | ఆవాలు కొని ఇంట్లో పట్టింది |
| కారం | 1 సోల | 125 | పచ్చడి కారం |
| ఉప్పు | ముప్పావు సోల | 190 | ఏ ఉప్పయినా తూచి |
| నువ్వులనూనె | సోలన్నర | 345 | వేయించని గింజల నూనె |
| మెంతులు | అరగిద్దె | 24 | |

నూనె విషయంలో ఒక్కమాట. తూర్పు ఆసియా దుకాణాల్లో చిన్న సీసాల్లో ముదురు రంగులో దొరికేది వేయించిన నువ్వుల నూనె. దాంతో కలిపితే ఆవకాయ వాసనే మారిపోతుంది, పైగా ఖరీదు. చివరి గడి పెట్టేది ఇలాంటివాటికే. ఇంటి కొలత గడిని మాత్రం తీసేయకండి. అమ్మ కార్డు చూసి తప్పు పట్టగలిగేది ఆ గడిలోనే, గ్రాములు ఆవిడకు అక్కర్లేదు.

ఇప్పుడు టైపు. యూనికోడ్‌లోనే కొట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది వేరే కంప్యూటర్లో పిచ్చిగీతలవుతుంది. ఫోనులో Gboard తెలుగు చాలు, ఫాంటు Noto Sans Telugu పెట్టుకోవచ్చు. కార్డు 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు. చుట్టూ పావు అంగుళం వదిలితే గడులకు అయిదున్నర మిగులుతుంది. సరుకుకు 1.6, ఇంటి కొలతకు 1.1, గ్రాములకు 0.8, చివరిదానికి 2 ఇవ్వండి. అంకెలను కుడివైపుకి జరపండి, 24 కింద 345 వచ్చినప్పుడు ఒకట్ల స్థానం కలుస్తుంది.

వర్డ్‌లో అందరూ తినే దెబ్బ ఒకటుంది. గడులు ఇరుకైపోయాయని Line spacing ను Exactly కి మారుస్తారు. అప్పుడు ‘ఉప్పు’లో పావత్తు కింది భాగం తెగి ‘ఉపు’ అయి కూర్చుంటుంది. మన లిపికి కింద చోటు కావాలి. Multiple పెట్టి 1.3 ఇవ్వండి, వరస ఎత్తు కూడా At least లో ఉంచండి. పట్టకపోతే అక్షరం 11 నుంచి 10కి దించండి, అంతకన్నా వద్దు. పొయ్యి పక్కన నిలబడి చదవాల్సినది కదా.

వెనకవైపు కలిపే విధానం. అమ్మమ్మ కాగితంలో అది రెండు వాక్యాలే ఉంటుంది, ఎందుకంటే మిగతాది ఇంట్లో అందరికీ తెలుసు. మీకు తెలియదు. కాయలు కడిగి తుడిచి ఆరబెట్టాలని, టెంక లోపలి జీడి, పొర తీసేయాలని, మూడోరోజు తిరగకలపాలని, ముక్కల పైకి నూనె తేలి నిలబడాలని అడిగి రాయించుకోండి. లేకపోతే కార్డు ఎంత అందంగా ఉన్నా మళ్ళీ డబ్బు దండగ.

ప్రింటుకు PDF గా మార్చే తీసుకెళ్ళండి, లైబ్రరీ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల చోట డబ్బాలు వస్తాయి. Letter కాగితం మీద రెండు కార్డులు ఒకదాని కింద ఒకటి పడతాయి. ప్రింటు పెట్టెలో Fit కాకుండా Actual size ఎంచుకోండి, Fit అయితే కార్డు కుంచించుకుపోతుంది. మొదటి ప్రతి మామూలు కాగితం మీద నలుపు సిరాతో తీసి, స్కేలుతో 6 అంగుళాలు కొలవండి. లామినేషన్ అవసరం లేదు, జిప్ సంచిలో పెట్టుకుంటే చాలు.

అట్ట కాగితం మీద ప్రింటు మాత్రం ఇప్పుడే వద్దు. పై కొలతల్లో పావు వంతుతో చిన్న సీసా కలపండి. అంటే ముక్కలు 190 గ్రాములకు దగ్గరగా, ఉప్పు 48. తిరగకలిపిన రోజు రుచి చూసి, ఉప్పు చాలకపోతే తూచి వేసి, వేసినదానికి నాలుగింతలు కార్డు గడిలో కలిపి దిద్దండి. ఇంటినుంచి పచ్చడే తెప్పించుకోవచ్చా అంటారేమో, ఏం తేవచ్చో కస్టమ్స్ సైటులో చూసుకోండి. సూట్‌కేసులో కారిన నూనెకు బట్టల ఖర్చు కూడా లెక్కేసుకోండి.