మాల్పువా అంచులు జాలీలా చిల్లులు చిల్లులుగా రావాలంటే

ప్రశ్న: మాల్పువా ఎప్పుడు చేసినా పూరీలా మందంగా వస్తోంది. పిండి పల్చన చేస్తే నెయ్యిలో ముక్కలైపోతోంది. ఎలాగో కుదిరినా పాకంలో వేయగానే అంచులు మెత్తబడిపోతున్నాయి. రాజస్థాన్‌లోని పుష్కర్‌లో తిన్నవాటిలాంటివి ఇంట్లో ఎలా చేయాలి?

జవాబు: మేం కొన్నేళ్లు అజ్మీర్‌లో ఉన్నాం. పుష్కర్ అక్కడికి దగ్గరే కాబట్టి వీలున్నప్పుడల్లా వెళ్లి, మాల్పువా వేసే మూకుడు పక్కనే నిలబడి చూసేదాన్ని. అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, పిండికి చిక్కదనం మైదా వల్ల కాదు, మరిగిన పాల వల్ల రావాలి. మామూలు పాలలో మైదా ఎక్కువ కలిపి చిక్కబరిస్తే మీకు వచ్చేది తీపి పూరీయే. మైదా తగ్గిస్తే పట్టు ఉండదు, అందుకే ముక్కలవుతోంది.

లీటరు వెన్న తీయని పాలు అడుగంటకుండా కలుపుతూ సగానికి మరిగించండి. పూర్తిగా చల్లారాక అరకప్పు మైదా జల్లించి ఉండలు లేకుండా కలపండి. కాస్త సోంపు, రెండు యాలకులు చాలు. పంచదార వేయొద్దు. మరిగిన పాలలో ఉన్న తీపికే రంగు త్వరగా వస్తుంది, ఇంకా వేస్తే లోపల ఉడక్కముందే మాడుతుంది. సోడా కూడా వద్దు, నెయ్యి పీల్చేసి విరిగిపోతుంది. అరగంట నాననిచ్చి చూడండి. రవ్వ దోసె పిండి కన్నా చిక్కగా, మామూలు దోసె పిండి కన్నా పల్చగా ఉండాలి. గరిటెతో ఎత్తి పోస్తే ధార తెగకుండా పడాలి, గిన్నెలో ఆ ధార గుర్తు వెంటనే కలిసిపోవాలి.

అయినా అసలు పరీక్ష మొదటి మాల్పువాయే. పోసినచోటే గుండ్రంగా ఆగిపోతే రెండు చెంచాల పాలు కలపండి. అంచులు విడిపోయి నెయ్యిలో తేలిపోతుంటే చెంచాడు మైదాను కొద్దిపాటి పాలలో జారుగా చేసి కలపండి. ఒకేసారి ఎక్కువ కలపకండి, ఇక్కడ చెంచాడుతోనే తేడా తెలుస్తుంది.

మూకుడు అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉండాలి. గుండ్రటి అడుగున్న బాణలిలో పిండి మధ్యకు చేరి మందమవుతుంది. నెయ్యి ఒక అంగుళం లోతు ఉండాలి. ఒక చుక్క పిండి వేస్తే బుడగలతో నెమ్మదిగా పైకి రావాలి. వేసీ వేయగానే పైకి లేచి రంగు తిరిగితే వేడి ఎక్కువైనట్టు, పిండి పరుచుకోకముందే అంచు గట్టిపడిపోతుంది. అడుగునే ఉండిపోతే వేడి చాలనట్టు.

చిన్న గరిటెడు పిండిని నెయ్యికి దగ్గరగా, ఒకేచోట పోసి వదిలేయండి. గరిటెతో తిప్పి పరచకండి, అదే పరుచుకుంటుంది. మధ్యలో కాస్త మందంగా, చివర్లకు వెళ్లేకొద్దీ పల్చగా అవుతుంది. ఆ పల్చటి చోట తడి ఆవిరై బయటికి పోతూ చిల్లులు చేస్తుంది, వాటి చుట్టూ పాల పదార్థం గట్టిపడుతుంది. జాలీ అంటే అదే. దగ్గరగా చూస్తే ముందు తెల్లటి నురగ, తర్వాత అందులో బంగారు రంగు పోగులు కనిపిస్తాయి, చిటపట తగ్గుతుంది. అప్పటిదాకా కదపకుండా, పైభాగం మీద చెంచాతో వేడి నెయ్యి పోస్తూ ఉండండి. తిప్పాక రెండో వైపు కొద్దిసేపు చాలు. నెయ్యిలో మిగిలిన తునకలు నల్లబడుతుంటే వడకట్టండి, లేకపోతే చేదు తగులుతుంది.

మన ఇళ్లలో అరిసెలు ఒత్తే చెక్కలు ఇక్కడ బాగా పనికొస్తాయి. కాకపోతే అరిసెలా మొత్తం ఒత్తకండి. మధ్యభాగం మాత్రం మెల్లగా ఒత్తి నెయ్యి తీసేయండి, అంచు నలగకూడదు.

పాకానికి కప్పు పంచదార, ముప్పావు కప్పు నీళ్లు. వేళ్ల మధ్య జిగురుగా అంటాలి, తీగ రాకూడదు. తీగ వస్తే చల్లారాక మాల్పువా మీద పంచదార తెల్లగా పేరుకుంటుంది. మరీ పల్చగా ఉంటే ఆ నీరంతా అంచుల్లోకి దిగుతుంది, మీవి మెత్తబడటానికి ఎక్కువగా ఇదీ, ఎక్కువసేపు నాననివ్వడమూ కారణమవుతాయి. పాకం గోరువెచ్చగా, మాల్పువా వేడిగా ఉండాలి. ముంచి, ఒకసారి తిప్పి, ఇరవై సెకన్లలోపే తీసేయండి. గులాబ్ జామ్‌లా నాననివ్వకండి. తీసినవి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, జల్లి గిన్నె మీద విడివిడిగా ఉంచి పాకం కారనివ్వండి.

ఇంత చేసినా పాకం తగిలాక అంచు కరకర ఎక్కువసేపు నిలవదు. చుట్టాలు ఆలస్యంగా వస్తారంటే ముందే వేయించి పాకంలో వేయకుండా పక్కన పెట్టుకోండి. వాళ్లు కూర్చున్నాక వేడి నెయ్యిలో ఒక్క క్షణం ముంచి తీసి, అప్పుడు పాకంలో వేయండి. రబ్డీ పెట్టేటట్టయితే మధ్యలోనే పెట్టండి, అంచుల దాకా పరవకండి.