రద్దు నొక్కితే ఏది రద్దవుతుంది?

యాప్‌లో కన్‌ఫర్మ్, క్యాన్సిల్ లాంటి బటన్లను మాటకు మాట తెలుగు చేస్తే జనం ఎందుకు తికమకపడుతున్నారు?

మా నాన్నగారు అమలాపురం నుంచి హైదరాబాద్ బస్సు టికెట్ వద్దనుకుని యాప్ తెరిచారు. "టికెట్ రద్దు చేయాలా?" అని అడిగింది. కింద "రద్దు చేయి", "నిర్ధారించు" అని రెండు బటన్లు. ఎవరైనా మొదటిదే నొక్కుతారు కదా, ఆయనా అదే నొక్కారు. ఆ ప్రశ్న అడిగిన డైలాగ్ బాక్స్ మూసుకుంది, టికెట్ అలాగే ఉండిపోయింది. బస్సు వెళ్లిపోయాక గానీ తెలియలేదు. డబ్బులు గోదాట్లో కలిశాయి.

అక్కడ "రద్దు చేయి"కి మూలమైన ఇంగ్లిష్ "క్యాన్సిల్" టికెట్‌ గురించి కాదు, "ఇప్పుడు అడిగిన పని మానెయ్" అని. (ఇంగ్లిష్‌లోనూ ఇది ఇరకాటమే.) తెలుగులో రద్దు అనగానే టికెట్ రద్దు, రైలు రద్దు అని మనసు ఆ వస్తువు మీదికే పోతుంది. అనువాదం చేసేవాళ్లకు చాలాసార్లు `cancel` అనే విడి మాటే కనబడుతుంది, డైలాగ్ కనబడదు. ఆ ఒక్క తర్జుమానే యాప్ అంతా వాడేస్తారు.

ప్రొసీడ్‌ను "కొనసాగించు" అన్నా అంతే, టికెట్ కొనసాగుతుందనుకుంటారు. డిస్మిస్‌ను "తొలగించు" అంటే డిలీట్ అనుకుంటారు, "మూసెయ్" చాలు.

బటన్ మీద జరగబోయే పనే రాయాలి: "టికెట్ రద్దు చేయి", "టికెట్ ఉంచు". అందుకు ఈ డైలాగ్‌కు `cancel` బదులు `keep_ticket` లాంటి పేరుతో వేరే స్ట్రింగ్, అంటే తెర మీద చూపే వేరే మాట, పెట్టుకోవాలి.