తూచేవారు, హద్దు పెట్టేవారు, మళ్లీ తూచేవారు

ప్రశ్న: సర్, నేను నల్లగొండలో బీకాం పూర్తి చేశాను. బంగారు రుణాలిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీలో బ్రాంచి, రిస్క్ విభాగం, ఇంటర్నల్ ఆడిట్ అని మూడు చోట్ల ఖాళీలున్నాయి. ముగ్గురూ చూసేది ఆ రుణాలనే కదా, తేడా ఏమిటి? నేను దేనికి దరఖాస్తు పెట్టాలి?

జవాబు: ఈ పని విభజనను త్రీ లైన్స్ మోడల్ అంటారు. ఇంటర్నల్ ఆడిటర్ల అంతర్జాతీయ సంస్థ 2020లో దీన్ని సవరించినప్పుడు, అంతకుముందు పేరులో ఉన్న ‘డిఫెన్స్’ అనే మాటను తీసేసింది. నిర్వచనాలు వల్లె వేయడం కన్నా ఒక్క రుణాన్ని వెంబడించి చూస్తే మీకు తేడా త్వరగా తెలుస్తుంది.

మిర్యాలగూడ బ్రాంచిలో ఒకావిడ నాలుగు తులాల రాళ్ల హారం కుదువ పెట్టిందనుకోండి. అందులో రాళ్లు, లక్క కలిపి 5 గ్రాములుంటే అసలు బంగారం 35 గ్రాములే. లెక్క సులువు కోసం గ్రాము ధర 10,000 రూపాయలనీ, విలువలో 70 శాతానికి మించి ఇవ్వకూడదని కంపెనీ హద్దు పెట్టుకుందనీ అనుకుందాం. అప్పుడు ఇవ్వదగినది 2,45,000 రూపాయలు. నగ విలువ కట్టే అప్రైజర్ ఆ 5 గ్రాముల తరుగు తీయకుండా 40 గ్రాములూ బంగారంగానే రాస్తే రుణం 2,80,000 అవుతుంది. కాగితం మీద అది 70 శాతమే గాని, నిజానికి 80 శాతం. ధర కాస్త పడిందంటే వేలం వేసినా వడ్డీతో సహా బాకీ తీరకపోవచ్చు.

ఈ నష్టం రాకుండా చూసే బాధ్యత నేరుగా మోసేది మొదటి లైన్, అంటే బ్రాంచి మేనేజరు, అప్రైజర్, కౌంటరు సిబ్బంది. సరిగ్గా తూచి తరుగు తీయడం, నగల సంచికి సీలు వేయడం, లాకరు తాళాలు ఇద్దరి దగ్గర వేరువేరుగా ఉంచుకోవడం వారి పని. ఒకరు నమోదు చేసినదాన్ని ఇంకొకరు సరిచూసినా ఆ రెండోవారు రెండో లైన్ అయిపోరు, ఇద్దరూ మొదటి లైన్‌లోని వారే. ఇంటర్వ్యూలలో చాలామంది తడబడేది ఇక్కడే.

రెండో లైన్ అయిన రిస్క్ విభాగం నగను తాకదు. రిజర్వు బ్యాంకు నిబంధనలకు లోబడి ఆ 70 శాతం హద్దును ప్రతిపాదించేది, తరుగు ఎలా తీయాలో విధానం రాసేది, బ్రాంచీల లెక్కలను గమనించేది ఈ విభాగం. మిగతా బ్రాంచీలలో రాళ్ల నగలకు సగటు తరుగు 8 శాతం ఉంటే మిర్యాలగూడలో ఒక్క శాతమే కనిపించిందనుకోండి, ‘మీ దగ్గర తరుగు ఎందుకింత తక్కువ?’ అని మేనేజరును నిలదీసి, జవాబు సరిగా లేకపోతే పైఅధికారులకు చెప్పాలి. అలా కాకుండా ప్రతి రుణానికీ తానే ఆమోదం తెలపడం మొదలుపెడితే, అది మొదటి లైన్ పని చేస్తున్నట్టే. అప్పుడు బ్రాంచి వాళ్లు ‘రిస్క్ వాళ్లు ఒప్పుకున్నారు కదా’ అని చేతులు దులుపుకుంటారు.

మూడో లైన్ అయిన ఇంటర్నల్ ఆడిట్ ముందుగా చెప్పకుండా బ్రాంచికి వెళ్లి, కొన్ని సంచులను ఎంపిక చేసి, బ్రాంచి వాళ్ల ఎదుటే విప్పి మళ్లీ తూయిస్తుంది. మన హారంలో 5 గ్రాముల తేడా బయటపడేది అప్పుడే. అయితే అంతటితో ఆగితే అది సగం ఆడిట్ మాత్రమే. ఒక్క శాతం తరుగును రిస్క్ విభాగం గమనించిందా, గమనించి ఊరుకుందా అన్నది కూడా ఆడిటరు అడగాలి, ఎందుకంటే రెండో లైన్ కూడా ఆయన తనిఖీ పరిధిలోనిదే. కనుగొన్నది బోర్డు ఆడిట్ కమిటీకి చేరుతుంది. అదనంగా వెళ్లిన 35,000 రాబట్టడం మాత్రం మేనేజరు బాధ్యత. ఆడిటరే వసూలుకు దిగితే, తన పనిని తానే తనిఖీ చేసుకోవలసి వస్తుంది.

ఈ స్వతంత్రత కాగితం మీదే ఉందా అన్నది ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో తేల్చుకోవచ్చు: ‘ఆడిట్ అధిపతి ఎవరికి జవాబుదారీ?’ 5,000 కోట్ల రూపాయలు, ఆపైన ఆస్తులున్న ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2021లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆయన వ్యాపార విభాగాల కింద ఉండకూడదు, ఆయనకు వ్యాపార లక్ష్యాలు పెట్టకూడదు. ‘మా ఆడిట్ వాళ్లూ నెలకిన్ని రుణాలు తేవాలి’ అని ఎవరైనా గొప్పగా చెబితే ఆ ఉద్యోగం వద్దనుకోండి.

మీరు ముందుగా బ్రాంచికే దరఖాస్తు పెట్టండని నా సలహా. లక్క ఎక్కడ దాగుతుందో రెండు మూడేళ్లు చేత్తో తూచిన మనిషికి తెలిసినట్టు, నేరుగా ఆడిట్‌లో చేరినవారికి తెలియదు. లెక్కల పట్టికల మీద మక్కువ ఉంటే అక్కడి నుంచి రిస్క్‌కు, ఊళ్లు తిరగడానికి, మొహమాటం లేకుండా ప్రశ్నించడానికి సిద్ధమైతే ఆడిట్‌కు మారవచ్చు. ఆడిట్‌కు మారితే మాత్రం, ఆ వృత్తి ప్రమాణాల ప్రకారం, గత 12 నెలల్లో మీరు బాధ్యత వహించిన పనిని మీరు తనిఖీ చేయకూడదు కనుక, తొలి ఏడాది మీ పాత బ్రాంచిని ఇంకొకరికి అప్పగించమని మీరే అడగాలి.